నాలుగు బిట్ల లెక్కల పెట్టె: తీసివేత తొందరగానే వచ్చింది, ఓవర్‌ఫ్లో లైటే ఏడిపించింది

మొదటి ఆదివారం

కూడిక చేసే సర్క్యూట్ పోయిన నెలలోనే అయిపోయింది. 74HC283 అని 16 కాళ్ల చిప్ ఉంటుంది, రెండు నాలుగు బిట్ల సంఖ్యలు ఇస్తే మొత్తం చెబుతుంది. బ్రెడ్‌బోర్డు మీద A కి నాలుగు స్విచ్‌లు, B కి నాలుగు, జవాబుకి నాలుగు ఎల్ఈడీలు, క్యారీకి విడిగా ఇంకో ఎల్ఈడీ. ఇప్పుడు ఇదే చిప్‌తో తీసివేత చేయించాలి.

కూడిక మాత్రమే తెలిసిన చిప్ తీసివేత ఎలా చేస్తుందని మా చెల్లెలి కొడుకు అడిగాడు. వాడు పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం, ఆదివారాలు మా ఇంట్లోనే ఉంటాడు. గోడ గడియారం చూపించాను. ముల్లు 5 మీద ఉంది. మూడు గంటలు వెనక్కి తిప్పితే 2. తొమ్మిది గంటలు ముందుకు తిప్పినా 2 దగ్గరికే వస్తుంది. చుట్టూ 12 అంకెలే కాబట్టి 3 తీసేయడమూ 9 కలపడమూ ఒకటే. నాలుగు బిట్లంటే 16 అంకెలున్న గడియారం. అందులో 3 తీసేయాలంటే 13 కలిపితే చాలు.

ఆ 13 ని పట్టుకోవడానికి మళ్లీ తీసివేత చేయాల్సి వస్తే మొదటికే వచ్చినట్టు. అక్కడే టూస్ కాంప్లిమెంట్ అక్కరకొస్తుంది. 3 అంటే 0011. బిట్లన్నీ తిప్పేస్తే 1100. ఈ రెండూ కలిపితే ఎప్పుడూ 1111 వస్తుంది, అంటే 15. కాబట్టి బిట్లు తిప్పడమంటేనే 15 లోంచి తీసేయడం. మనకు కావలసింది 16 లోంచి తీసేయడం గనక ఇంకొక్కటి కలపాలి. 12 కి 1 కలిపితే 13, అంతే సంగతి.

```
  0101     5
+ 1100     3 లో బిట్లు తిప్పాక
+    1
 -----
1 0010     జవాబు 2, క్యారీ 1
```

వైరింగ్‌కి అదనంగా ఒక 74HC86 చాలింది. దాంట్లో నాలుగు ఎక్సార్ గేట్లుంటాయి. B స్విచ్ ఒక్కొక్కటీ ఒక్కో గేటు గుండా వెళ్తుంది, గేటు రెండో కాలు అన్నిట్లోనూ SUB అనే ఒకే స్విచ్‌కి కలిపాను. SUB 0 అయితే B ఉన్నదున్నట్టు పోతుంది, 1 అయితే తిరగబడి పోతుంది. ఆ కలపాల్సిన 1 కోసం వేరే ఏర్పాటేం అక్కర్లేదు. 283 లో 7వ కాలు C0, అంటే బయటినుంచి వచ్చే క్యారీ. SUB తీగనే అక్కడికీ లాగితే సరి.

లాగానని అనుకున్నాను. 5 లోంచి 3 తీస్తే 1 వచ్చింది, 7 లోంచి 2 తీస్తే 4. ప్రతి జవాబూ సరిగ్గా ఒకటి తక్కువ. కూడిక రోజుల్లో C0 ని గ్రౌండ్‌కి కట్టిన తీగ ఇంకా అక్కడే ఉంది, SUB తీగ పక్క వరుసలో గుచ్చాను. తీసివేతలన్నీ ఒకటి తగ్గి వస్తున్నాయంటే ముందు 7వ కాలు చూసుకోండి.

మధ్యలో బుధవారం

కాస్త చిన్న పని. స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు చెయ్యి దగ్గరికి తెస్తే ఎల్ఈడీలు మిణుకు మిణుకుమన్నాయి. HC చిప్‌లకి ఇన్‌పుట్ కాలు గాల్లో వదిలేస్తే అది 0 కాదు, ఏమైనా కావచ్చు. ప్రతి స్విచ్‌ దగ్గరా 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గ్రౌండ్‌కి కట్టాక సద్దుమణిగింది.

రాత్రి 3 లోంచి 5 తీశాను. 1110 వెలిగింది, క్యారీ ఆరిపోయింది. తీసివేతలో క్యారీ అర్థం తలకిందులవుతుంది. క్యారీ 1 వస్తే అప్పు తీసుకోలేదని, 0 వస్తే అప్పు పడిందని. ఇక 1110 ని చదవడం ఎలాగంటే, ఎడమ చివరి బిట్ విలువ 8 కాదు, మైనస్ 8 అనుకోవాలి. మిగతావి మామూలే, 4, 2, 1. అప్పుడు 1110 అంటే -8 + 4 + 2, అంటే -2. ఇదే లెక్కన నాలుగు బిట్లలో పట్టేవి -8 నుంచి 7 దాకా.

రెండో ఆదివారం

మేనల్లుడికి -6 ని బైనరీలోకి మార్చమని ఇచ్చాను. 6 ని రెండుతో భాగిస్తూ పోయాడు: శేషం 0, తర్వాత 1, తర్వాత 1. కింద నుంచి పైకి చదివితే 110. వెంటనే తిప్పేశాడు, 001. ఒకటి కలిపాడు, 010. ముందు ఒక సున్నా పెట్టి 0010 అని స్విచ్‌లు వేశాడు. బోర్డు దాన్ని 2 అనుకుంది, మరి అనుకోదా!

ముందు నాలుగు బిట్లూ నింపాలి, ఆ తర్వాతే తిప్పాలి. 6 అంటే 0110, తిప్పితే 1001, ఒకటి కలిపితే 1010. సరిచూసుకుంటే -8 + 2, -6 వచ్చింది. హెక్స్‌లో రాయాలంటే నాలుగేసి బిట్లకి ఒక్క అక్షరం కాబట్టి 1010 అంటే A. ఇదే -6 ని ఎనిమిది బిట్లకి సాగదీయాలంటే ముందు సున్నాలు పెడితే 0A అవుతుంది, అది 10. ఎడమ చివరి బిట్‌నే మళ్లీ మళ్లీ రాసుకుంటూ పోవాలి: 11111010, అంటే FA. 250 లోంచి 256 తీస్తే -6, సరిపోయింది.

తర్వాత 5 కి 4 కలిపాడు. 1001. చదివితే -7.

"క్యారీ లైటు వెలగలేదు కదా మామయ్యా, మరి తప్పెలా వచ్చింది?"

నేనూ మొదట్లో క్యారీ వెలిగితే తప్పు, వెలగకపోతే ఒప్పు అనుకునేవాడిని. 7 లోంచి 2 తీస్తే జవాబు 5 సరిగ్గానే వస్తుంది, క్యారీ మాత్రం వెలుగుతుంది. 5 కి 4 కలిపితే జవాబు తప్పు, క్యారీ వెలగదు. క్యారీ చెప్పేది 15 దాటి 0 మీదికి చుట్టు తిరిగిన సంగతి. ఓవర్‌ఫ్లో చెప్పాల్సింది 7 కీ -8 కీ మధ్య ఉన్న గీత దాటిన సంగతి. ఒకే గడియారం మీద రెండు వేర్వేరు చోట్లు.

నోటి లెక్కకైతే ప్లస్, మైనస్ గుర్తుల్ని చూస్తే చాలు. రెండు పాజిటివ్‌లు కలిపి నెగెటివ్ వచ్చినా, రెండు నెగెటివ్‌లు కలిపి పాజిటివ్ వచ్చినా ఓవర్‌ఫ్లో. ఒకటి పాజిటివ్, ఒకటి నెగెటివ్ అయితే కూడికలో ఓవర్‌ఫ్లో రానే రాదు. సర్క్యూట్‌కి దీన్నే ఇంకోలా చెప్పొచ్చు: ఎడమ చివరి బిట్‌లోకి వచ్చిన క్యారీ, ఆ బిట్ నుంచి బయటికి పోయిన క్యారీ వేరువేరైతే ఓవర్‌ఫ్లో. ఒక్క ఎక్సార్ గేటు పని.

కానీ 283 కి బయటికి పోయే క్యారీ C4 ఒక్కటే కాలుగా ఉంది, 9వది. చివరి బిట్‌లోకి వచ్చే క్యారీ చిప్ లోపలే ఉండిపోతుంది, దానికి కాలు లేదు. డేటాషీట్ రెండుసార్లు చదివాక గానీ నమ్మలేదు.

దాన్ని దొడ్డిదారిన రాబట్టాలి. ఏ బిట్‌లోనైనా మొత్తం అంటే అక్కడి A, B, లోపలికొచ్చిన క్యారీ, ఈ మూడింటి ఎక్సార్. ఎక్సార్‌ని అటూ ఇటూ మార్చుకోవచ్చు కాబట్టి A, B, మొత్తం, వీటి ఎడమ చివరి బిట్లు A4, B4, S4 మూడింటినీ ఎక్సార్ చేస్తే ఆ దాక్కున్న క్యారీ బయటపడుతుంది. దాన్ని C4 తో ఇంకో ఎక్సార్ చేస్తే వచ్చేది V, అంటే ఓవర్‌ఫ్లో, అది ఎర్ర లైటుకి వెళ్తుంది. మొత్తం మూడు గేట్లు, ఇంకో 74HC86. ఒక గేటు మిగిలింది, దాని ఇన్‌పుట్ కాళ్లు గ్రౌండ్‌కి కట్టేశాను.

```
V = A4 ^ B4 ^ S4 ^ C4
```

కూడికలో అద్భుతంగా పనిచేసింది. 5 కి 4 కలిపితే ఎర్ర లైటు వెలిగింది, 3 కి 2 కలిపితే ఆరింది. SUB వేసి 5 లోంచి 3 తీస్తే జవాబు 2, ఎర్ర లైటు మాత్రం వెలిగింది. -6 లోంచి 5 తీస్తే రావాల్సింది -11, బోర్డు 5 చూపించింది. నిజంగా ఓవర్‌ఫ్లో అయిన చోట లైటు ఆరిపోయి కూర్చుంది.

వదులుగా ఉన్న తీగేమోనని గంటసేపు అన్నీ నొక్కి చూశాను. తర్వాత కాగితం మీద రాస్తే తెలిసింది, తప్పు అప్పుడప్పుడూ రావడం లేదు, తీసివేతలో ప్రతిసారీ వస్తోంది, అదీ సరిగ్గా తలకిందులుగా. అంటే నాలుగింట్లో ఏదో ఒక్కటి SUB వేసినప్పుడు తిరగబడాల్సింది తిరగబడటం లేదు. B4 ని నేను స్విచ్ దగ్గర నుంచి తీసుకున్నాను. తీసుకోవాల్సింది ఎక్సార్ గేటు దాటాక, 283 లోకి వెళ్లే 11వ కాలు దగ్గర. చిప్ కలుపుతున్నది తిప్పిన B ని కదా, స్విచ్ మీది B ని కాదు. ఒక్క తీగ మార్చాను, -6 లోంచి 5 తీస్తే ఎర్ర లైటు వచ్చింది.

మూడో ఆదివారం

కూడికలు 256, తీసివేతలు 256, అన్నీ చేత్తో చూడటం నా వల్ల కాలేదు. ముందు లెక్క ఎలా ఉండాలో పైథాన్‌లో రాసుకున్నాను.

```python
def calc(a, b, sub):
    x = a & 15
    y = (b & 15) ^ (15 if sub else 0)
    t = x + y + sub
    s, c4 = t & 15, t >> 4
    v = ((x ^ y ^ s) >> 3) ^ c4
    return s, c4, v
```

-8 నుంచి 7 దాకా అన్ని జతలూ ఇచ్చి చూస్తే కూడికలో 64 చోట్ల ఓవర్‌ఫ్లో, తీసివేతలోనూ 64 చోట్లే. అసలు జవాబు పరిధి దాటిన జతలు కూడా అవే. బోర్డు మీద అంచుల దగ్గరున్నవి ఓ ముప్పై పరీక్షించాం, మేనల్లుడు స్విచ్‌లు వేస్తుంటే నేను స్క్రీన్ మీది జవాబు చదివాను.

వాటిలో నాకు బాగా నచ్చింది 0 లోంచి -8 తీసేయడం. -8 అంటే 1000. తిప్పితే 0111, ఒకటి కలిపితే మళ్లీ 1000. మైనస్ తీసేద్దామని వెళ్తే అదే తిరిగొచ్చింది, ఎందుకంటే +8 కి ఈ నాలుగు బిట్లలో చోటు లేదు. ఎర్ర లైటు వెలిగింది. సున్నా లోంచి ఏది తీసినా గుర్తు మారుతుందనుకున్న మేనల్లుడు, స్విచ్ వేయడంలో తప్పు జరిగిందేమోనని మళ్లీ మొదటి నుంచి వేశాడు.

తర్వాత ఎనిమిది బిట్లు. ఇంకో 283 తెచ్చాను, కింది చిప్ C4 ని పై చిప్ C0 కి కలపాలి. SUB తీగ కింది చిప్ C0 కి మాత్రమే వెళ్లాలి. V ని పై చిప్ కాళ్ల నుంచే తీసుకోవాలి, కింది చిప్ దగ్గరున్న మూడు గేట్లూ ఊడదీసి అక్కడికి మార్చాలి. B వైపు ఇంకో నాలుగు ఎక్సార్ గేట్లు కావాలి, డబ్బాలో 74HC86 ఒక్కటి మిగిలింది. బ్రెడ్‌బోర్డులో చోటే లేదు, రెండోది పక్కన అతికించాలి.