మీగడ కట్టిన సీరం: లిపోప్రోటీన్లను మళ్లీ చదివిన తీరు

నీట్ పీజీకి మొదటిసారి చదివినప్పుడు లిపోప్రోటీన్లను పట్టికగా బట్టీ పట్టాను. ఏ కణంలో ఏ అపోప్రోటీన్ ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అయినా నమూనా పరీక్షలో ఈ ప్రశ్న తప్పయింది.

తొమ్మిదేళ్ల బాబు. తరచూ తీవ్రమైన కడుపునొప్పి, పిరుదుల మీద పసుపుపచ్చని చిన్న చిన్న పొక్కులు. పరగడుపున తీసిన రక్తంలో, డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, ట్రైగ్లిజరైడ్లు 2500, మొత్తం కొలెస్ట్రాల్ 320, హెచ్‌డీఎల్ 20. సీరం పాలలా ఉంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పైన మీగడ కట్టింది, కింద తేటగా మిగిలింది. లోపం ఎక్కడ? కొలెస్ట్రాల్ 320 కనబడగానే ఎల్‌డీఎల్ రిసెప్టర్ అని గుర్తు పెట్టేశాను.

ఆ తర్వాత పట్టికను పక్కన పెట్టి, తిన్న నెయ్యి ఎటు పోతుందో ఒక్కో మజిలీ రాసుకుంటూ వెళ్లాను. పేగు కణం ఆ కొవ్వును ట్రైగ్లిజరైడ్లుగా కూర్చి, అపో బీ-48తో కైలోమైక్రాన్‌గా కట్టి, రక్తంలోకి నేరుగా కాకుండా శోషరసంలోకి వదులుతుంది. రక్తంలోకి వచ్చాక అది హెచ్‌డీఎల్ నుంచి అపో సీ-2, అపో ఈ తీసుకుంటుంది. కండరాల్లో, కొవ్వు కణజాలంలో కేశనాళికల గోడకు అంటుకుని లిపోప్రోటీన్ లైపేజ్ ఉంటుంది. సీ-2 తోడైతేనే అది పనిచేసి ట్రైగ్లిజరైడ్లను విడగొడుతుంది. కొవ్వు ఆమ్లాలు ఆ కణజాలానికి అందుతాయి, చిక్కిపోయిన శేషం కాలేయానికి చేరుతుంది.

నాకు ఇక్కడే ఒక సందేహం తీరింది. శేషాన్ని కాలేయం గుర్తించడానికి అపో ఈ ఎందుకు కావాలి? బీ-48, బీ-100 రెండూ ఒకే జన్యువు నుంచి వస్తాయి. పేగులో ఆ ఎంఆర్ఎన్ఏలోని ఒక్క అక్షరం మారి, CAA కాస్తా UAA అయి, ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. ఎల్‌డీఎల్ రిసెప్టర్‌కు అతుక్కునే భాగం ఆగిన చోటుకు అవతల ఉంది. అందుకే బీ-48కి ఆ రిసెప్టర్‌ను పట్టుకునే శక్తి లేదు, ఆ పని అపో ఈ చేయాలి. కాలేయం తయారుచేసే వీఎల్‌డీఎల్‌లో ఉండేది పూర్తి బీ-100. దాని ట్రైగ్లిజరైడ్లూ లైపేజ్ చేతిలోనే తగ్గుతాయి. అది ఐడీఎల్‌గా, చివరికి ఎల్‌డీఎల్‌గా మారేసరికి మిగిలేది ప్రధానంగా కొలెస్ట్రాల్, ఒక్క బీ-100. 1985లో నోబెల్ అందుకున్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్ కనుగొన్నది ఆ ఎల్‌డీఎల్‌ను లోపలికి తీసుకునే రిసెప్టర్‌నే.

ఇప్పుడు బాబు దగ్గరికి వద్దాం. నీటికన్నా తేలికైనవి కాబట్టి కైలోమైక్రాన్లు మీగడలా పైకి తేలతాయి. వీఎల్‌డీఎల్ అలా తేలదు, సీరం మొత్తాన్ని మసకగా ఉంచుతుంది. ఎల్‌డీఎల్ మరీ చిన్నది, ఎంత పెరిగినా సీరం తేటగానే ఉంటుంది. అంటే రిసెప్టర్ లోపమే అయితే పాలలాంటి సీరం రాకూడదు. హౌస్ సర్జన్సీలో అలాంటి సీరం ఉన్న గొట్టాన్ని ఒకసారి చేత్తో పట్టుకున్నాను. వేలిమందాన తెల్లని పొర, దాని కింద మామూలు సీరం. ఆ రోజు దాని అర్థం ఎవరినైనా అడిగి ఉండాల్సింది.

లెక్క వేసినా ఇదే తేలుతుంది. ప్రయోగశాలలు వాడే ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ఇది:

```
LDL = TC - HDL - (TG / 5)
320 - 20 - 500 = -200
```

ఎల్‌డీఎల్ సున్నాకన్నా తక్కువ ఉండదు కదా! వీఎల్‌డీఎల్‌లో ట్రైగ్లిజరైడ్లు కొలెస్ట్రాల్‌కు సుమారు ఐదు రెట్లు ఉంటాయన్న అంచనా మీదే ఆ 5 నిలబడింది. కైలోమైక్రాన్‌లో ఈ నిష్పత్తి అంతకన్నా చాలా ఎక్కువ. అందుకే ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రాన్ని వాడకూడదు. బాబు కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కైలోమైక్రాన్లలో చిక్కుకున్నదే, ఎల్‌డీఎల్‌ది కాదు.

హెచ్‌డీఎల్ 20 కూడా ఈ కథలో భాగమే. కణజాలాల్లో మిగిలిన కొలెస్ట్రాల్‌ను హెచ్‌డీఎల్ తీసుకుని, ఎల్‌క్యాట్ ఎంజైముతో ఎస్టర్‌గా మార్చి, కాలేయానికి చేరుస్తుంది. కైలోమైక్రాన్ కరిగేటప్పుడు ఊడిన పైపొర కూడా హెచ్‌డీఎల్‌లోనే కలుస్తుంది. కరగకపోతే ఆ సరుకు అందదు. పైగా సీఈటీపీ అనే ప్రోటీన్ హెచ్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్‌ను ట్రైగ్లిజరైడ్లతో మార్పిడి చేస్తుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పేరుకున్నప్పుడు ఈ మార్పిడి పెరిగి హెచ్‌డీఎల్ చిన్నదై త్వరగా తొలగిపోతుంది.

కాబట్టి లోపం లైపేజ్‌లోనైనా ఉండాలి, సీ-2లోనైనా ఉండాలి. తేల్చడానికి హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తారు, దాంతో గోడకు అంటిన లైపేజ్ రక్తంలోకి ఊడివస్తుంది. ఆ ప్లాస్మాలో లైపేజ్ పని కనిపించకపోతే, ఆరోగ్యవంతుల ప్లాస్మాను కాస్త కలిపి చూస్తారు. అప్పుడు పని మొదలైతే లేనిది సీ-2. అప్పటికీ కదలిక లేకపోతే లోపం లైపేజ్‌దే. బాబు ఆహారంలో కొవ్వును బాగా తగ్గించి, మధ్యస్థ గొలుసు ట్రైగ్లిజరైడ్లు ఇస్తారు. వాటి కొవ్వు ఆమ్లాలు కైలోమైక్రాన్ ఎక్కకుండా పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికి వెళ్తాయి.