షేర్ల మార్పిడి విలీనాలు, వాయిదా పడే పన్ను: అమెరికా కార్పొరేట్ ట్యాక్స్ పేపర్‌కు నేను చదివిన తీరు

అమెరికా కార్పొరేట్ ట్యాక్స్ పేపర్ ఫలితం ఈ వారమే వచ్చింది, పాసయ్యాను. ఆ పేపర్‌లో మిగతా అధ్యాయాల గురించి మీకు తెలియనిది నేను చెప్పగలిగేది పెద్దగా లేదు. అయితే కంపెనీల విలీనాల వంటి రీఆర్గనైజేషన్ల అధ్యాయం మీద నేను వెచ్చించిన కాలాన్ని చూసి, మార్కులు తక్కువగా వచ్చే చోట ఇంత శ్రమ ఎందుకని తోటివారు చాలామంది విసుక్కున్నారు. ఆ కాలం వృథా కాలేదనే నా నమ్మకం, ఎందుకంటే బేసిస్, అంటే లాభనష్టాలు లెక్కించేటప్పుడు ఆస్తికి పెట్టిన ఖర్చుగా పన్ను చట్టం తీసుకునే మొత్తం, అనే భావన నాకు నిజంగా పట్టుబడింది ఈ అధ్యాయంలోనే.

మనలో చాలామంది అమెరికా పన్ను చట్టంలోని సెక్షన్ 368 తెరిచి ఏ-టైపు, బి-టైపు, సి-టైపు అంటూ అక్షరాల పట్టికను బట్టీ పట్టడంతో మొదలుపెడతారు. నా దృష్టిలో ఆ పట్టిక చివర చదవవలసినది. ముందుగా అడగవలసిన ప్రశ్న, అసలు విలీనంలో షేర్లు మార్చుకున్నవారికి అప్పటికి పన్ను పడకుండా ఈ మినహాయింపు ఎందుకు ఉన్నది అని. సాధారణ సూత్రం ప్రకారం ఒక ఆస్తిని ఇచ్చి వేరొక ఆస్తిని తీసుకుంటే లాభం చేతికి వచ్చినట్టే లెక్క, అది నగదు కానవసరం లేదు. ఆ లెక్కన విలీనమైపోతున్న కంపెనీ షేరును ఇచ్చి కొనుగోలు చేసే కంపెనీ షేరును తీసుకున్న వాటాదారుడు కూడా పన్ను కట్టాలి. అయితే అతడు వ్యాపారంలో పెట్టిన సొమ్మును వెనక్కు తీసుకోలేదు, అదే పెట్టుబడిని కొంచెం పెద్ద సంస్థలో కొనసాగిస్తున్నాడు, పన్ను కట్టడానికి అతని చేతిలోకి డబ్బేమీ రాలేదు. అందుకే సెక్షన్ 354 ఆ లాభాన్ని అప్పటికి గుర్తించవద్దంటుంది. నగదు తీసుకున్నవాడు మాత్రం ఆ మేరకు పెట్టుబడి నుంచి బయటికి వచ్చేశాడు కనుక సెక్షన్ 356 అతణ్ణి పట్టుకుంటుంది.

ఇక్కడ 'ట్యాక్స్-ఫ్రీ' అన్న పేరును చూసి మోసపోకూడదు. చట్టం పన్నును మాఫీ చేయడం లేదు. సెక్షన్ 358 ప్రకారం పాత షేర్ల బేసిస్ కొత్త షేర్లకు బదిలీ అవుతుంది, అంటే గుర్తించని లాభమంతా ఆ తక్కువ బేసిస్‌లో దాగి ఉండి, షేర్లు అమ్మిన రోజున బయటపడుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైన తరువాత నేను ప్రతి లెక్కనూ చివరి నుంచి సరిచూసుకోవడం మొదలుపెట్టాను: ఈరోజు గుర్తించిన లాభాన్నీ, రేపు అమ్మితే వచ్చే లాభాన్నీ కూడితే మొదటి అసలు లాభం రావాలి, రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఒక వాటాదారుణ్ణి తీసుకుందాం. అతని పాత షేర్ల బేసిస్ 20,000 డాలర్లు. విలీనంలో అతనికి 70,000 డాలర్ల విలువైన కొత్త షేర్లు, 30,000 డాలర్ల నగదు వచ్చాయి. మొత్తం 1,00,000 కనుక అసలు లాభం 80,000. గుర్తించవలసినది లాభం, నగదు ఈ రెండింటిలో తక్కువైనది, అంటే 30,000. వచ్చినదానిలో నగదు 30 శాతమే కనుక లాభంలో కూడా 30 శాతం, అంటే 24,000 గుర్తిస్తే చాలునని అనిపిస్తుంది, తప్పు ఆప్షన్లలో ఆ అంకె తరచు కనిపిస్తుంది. అయితే బేసిస్‌ను షేర్లకూ నగదుకూ పంచి, నగదు నుంచి ముందుగా అసలును మినహాయించుకునే వెసులుబాటు చట్టంలో లేదు. లాభం మొదట నగదు నుంచే బయటికి వస్తుంది. కొత్త షేర్ల బేసిస్ 20,000 నుంచి 30,000 నగదును తీసివేసి, గుర్తించిన 30,000 లాభాన్ని కలిపితే తిరిగి 20,000. ఆ షేర్లను తరువాత 70,000కు అమ్మితే లాభం 50,000, ముందటి 30,000తో కలిపితే 80,000 సరిపోయింది.

అదే వాటాదారుడి పాత బేసిస్ 1,20,000 అనుకోండి. అతనికి 20,000 నష్టం వచ్చింది, నగదు కూడా అందింది. అయినా ఆ నష్టాన్ని ఈ సంవత్సరం చూపుకోవడానికి వీలులేదు. కొత్త బేసిస్ 90,000 అవుతుంది, షేర్లను 70,000కు అమ్మిన రోజున అదే 20,000 నష్టం తిరిగి వస్తుంది. వాయిదా అనేది లాభానికే కాదు, నష్టానికీ వర్తిస్తుందని ఈ ఉదాహరణ చెబుతుంది. వేరు వేరు కాలాల్లో కొన్న షేర్లు ఉన్నప్పుడు ఒక్కొక్క బ్లాకుకు విడిగా లెక్క వేయాలి, ఒక బ్లాకు నష్టాన్ని మరొక బ్లాకు లాభంతో సర్దుబాటు చేయకూడదు.

నగదు మీద గుర్తించిన ఆ లాభం డివిడెండా, మూలధన లాభమా అన్న ప్రశ్నకు 1989లో క్లార్క్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆధారం. వాటాదారుడికి మొదట అంతా షేర్లే ఇచ్చి, అందులో కొన్నింటిని కొనుగోలు కంపెనీ నగదుతో వెనక్కు కొన్నట్టు ఊహించి చూడాలి. పెద్ద కంపెనీలో చిన్న వాటాదారుడికి సాధారణంగా మూలధన లాభమే వస్తుంది.

ఇక అక్షరాల పట్టికకు వద్దాం. ఏ-టైపు, అంటే చట్టబద్ధ విలీనంలో, నగదుకు కొంత చోటున్నది, కానీ పాత వాటాదారులకు అందే మొత్తంలో చెప్పుకోదగిన భాగం షేర్లుగా ఉండాలి. నిబంధనల్లోని ఉదాహరణ 40 శాతాన్ని సరిపోతుందంటుంది. 1935 నాటి నెల్సన్ కేసులో సుమారు 38 శాతం కూడా నిలిచింది. బి-టైపు, అంటే షేర్లిచ్చి షేర్లు తీసుకునే కొనుగోలులో మాత్రం, ఓటు హక్కున్న షేర్లు తప్ప మరేదీ ఇవ్వకూడదు, చిల్లర షేర్ల బదులు ఇచ్చే కాస్త నగదును మినహాయిస్తే ఒక్క డాలరు ఇచ్చినా ఆ రక్షణ పోతుంది.

ఏ-టైపు పరీక్షలో విఫలమైతే ఏమవుతుందో చాలామంది చదవరు, నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించినది అదే. లక్ష్య కంపెనీ, అంటే విలీనమైపోతున్న కంపెనీ, నేరుగా కొనుగోలు కంపెనీలో కలిసిపోయి, షేర్ల భాగం చాలలేదనుకుందాం. అప్పుడు లక్ష్య కంపెనీ తన ఆస్తులన్నింటినీ అమ్మివేసి, ఆపై మూతపడినట్టు పరిగణిస్తారు. దాని ఆస్తుల బేసిస్ 10,00,000, విలువ 50,00,000 అయితే 40,00,000 లాభం మీద 21 శాతం చొప్పున 8,40,000 డాలర్ల ఫెడరల్ పన్ను కంపెనీ స్థాయిలోనే పడుతుంది, వాటాదారుల పన్ను దానికి అదనం. లక్ష్య కంపెనీ అప్పటికే అదృశ్యమైపోయింది కనుక ఆ బాధ్యత కొనుగోలు కంపెనీ నెత్తిన పడుతుంది. అందుకే నగదు ఎక్కువగా ఉన్న ఒప్పందాల్లో కొనుగోలు కంపెనీ ఒక అనుబంధ సంస్థను పెట్టి, ఆ సంస్థనే లక్ష్య కంపెనీలో విలీనం చేస్తుంది. అది రీఆర్గనైజేషన్‌గా నిలవకపోయినా షేర్ల కొనుగోలుగా మాత్రమే చూస్తారు కనుక పన్ను వాటాదారుల స్థాయిలో ఒక్కసారే పడుతుంది.

కొనుగోలు కంపెనీ వైపు కూడా ఒకసారి చూడండి. రీఆర్గనైజేషన్ నిలిస్తే సెక్షన్ 362 ప్రకారం దానికి దక్కేది ఆస్తుల పాత బేసిసే, పై అంకెల్లో 10,00,000. అది 50,00,000 విలువైన షేర్లు ఇచ్చి కూడా తరుగుదలను 10,00,000 మీదే చూపుకోవాలి. వాటాదారులు పన్నును వాయిదా వేసుకున్నందుకు కొనుగోలుదారు ఏటా కోల్పోయే తగ్గింపు ఇది. బేరమాడేటప్పుడు ధరలో దీని ప్రస్తావన తప్పకుండా వస్తుంది.