కావలి ఆధార్‌కు మైపాడులో గది లేదట! (నా అనుభవం)

2026 గణతంత్ర దినోత్సవం సోమవారం రావడంతో, నగర కుటుంబాల కోసమంటూ మైపాడు తీరంలోని ఒక హోటల్ ప్రకటించిన రెండు రాత్రుల లాంగ్ వీకెండ్ ఆఫర్‌ను హైదరాబాదు నుంచే బుక్ చేశాను. డబ్బు కట్టడం క్షణాల్లో అయిపోయింది.

ఆఫర్ వర్తించని బ్లాకౌట్ తేదీల జాబితాలో జనవరి 24 ఉంది. హోటళ్లు తేదీలను రాత్రులతో లెక్కిస్తాయి కాబట్టి, 24 అంటే శనివారం దిగి ఆదివారం ఉదయం లేచే రాత్రి. రెండింటిలో ఒక్క రాత్రి ఆ జాబితాలో పడినా మొత్తం ఆఫరే వర్తించదు. అందుకే 25, 26 రాత్రులు తీసుకుని, మంగళవారానికి ఆఫీసులో సెలవు పెట్టాను. శనివారం రాత్రి లేని లాంగ్ వీకెండ్ ఏమిటో అమ్మినవాళ్లే చెప్పాలి.

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో ఆదివారం ఉదయం నెల్లూరులో దిగి, కారు మాట్లాడుకుని మైపాడు చేరాం. చెక్-ఇన్ మధ్యాహ్నం రెండు గంటలకని ముందే తెలుసు కనుక, సామాను కౌంటరు దగ్గర పెట్టి ఇసుకలో తిరిగాం. రెండింటికి నా ఆధార్ కార్డు చేతికివ్వగానే, కౌంటరులోని కుర్రాడు దాన్ని తిప్పి చూసి, నా భార్యను ఎగాదిగా చూసి, "సార్, లోకల్ ఐడీకి రూమ్ ఇవ్వం" అన్నాడు. ఏళ్ల తరబడి హైదరాబాదులో ఉంటున్నా, ఆధార్‌లో నా చిరునామా ఇదే నెల్లూరు జిల్లాలోని కావలిదే. పాన్ కార్డు చూపితే అందులో చిరునామా లేదని వెనక్కి ఇచ్చాడు. మిగతా అతిథులందరూ వింటూ ఉండగా, "మీరిద్దరూ భార్యాభర్తలేనా?" అని అడిగాడు. పక్కనే మా అమ్మ, ఏడేళ్ల మా అమ్మాయి నిలబడి ఉన్నారు. "ఏం నాయనా, కావలి వాళ్లు సముద్రం చూడకూడదా?" అని అమ్మ గట్టిగా అడిగేసరికి అతను మేనేజరును పిలిచాడు.

స్థానికులకు గది ఇవ్వకూడదని చట్టమేదీ చెప్పదు. జంటలు వస్తే పోలీసు గొడవలు వస్తాయన్న భయంతో హోటళ్లు తామే పెట్టుకున్న కట్టడి అది. ఆ మాట ఆఫర్ ప్రకటనలో ఎక్కడా లేదు. నా భార్య డ్రైవింగ్ లైసెన్సులో కూకట్‌పల్లి చిరునామా ఉంది. అయితే బుకింగ్‌లో మొదటి పేరు నాది కావడంతో, ఆమె పేరును మొదటి అతిథిగా మార్చాలని అక్కడే నిలబడి మెయిల్ పెట్టాను. పేరు మారితే ఆఫర్ పోతుందని మేనేజరు మొదట నసిగాడు. పేరు మార్చరాదన్న షరతు ఎక్కడ ఉందో చూపమన్నాక ఒప్పుకున్నాడు. నేను రెండో అతిథిని గనుక, అంతకుముందు పనికిరాని కావలి ఆధారే అప్పుడు చక్కగా పనికివచ్చింది! గది తాళం చేతికి వచ్చేసరికి నాలుగు దాటింది.

ఆధార్‌లో ఇంకా సొంతూరి చిరునామానే ఉన్నవారు అదే జిల్లాలో హోటల్ తీసుకుంటుంటే, నగరం చిరునామా ఉన్న వారి పేరునే మొదట రాయండి. లోకల్ ఐడీ చెల్లుతుందా అని డబ్బు కట్టకముందే మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోనులో చెప్పిన "పర్లేదు సార్" కౌంటరు దగ్గర చెల్లదు.