జెండా పాట చూపించొద్దని రాసి, మళ్లీ కొట్టేశాను

మా యాప్‌లో రైతులకు మిర్చి ధరలు చూపించే ఫీచర్ కోసం పీఆర్‌డీ, అంటే ఆ ఫీచర్ ఏం చేయాలో, ఎలా ఉండాలో చెప్పే పత్రం రాయమన్నారు. రెండు పేజీల్లో తేలిపోతుందనుకున్నాను. వ్యవసాయ మార్కెట్ల ధరలు పెట్టే కేంద్ర ప్రభుత్వ సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో ప్రతి మార్కెట్‌కూ కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు క్వింటాలుకు ఇంత అని ఉంటాయి. వాటిని తెచ్చి ఫోన్‌లో చూపించడమే కదా. మొదటి డ్రాఫ్ట్‌లో పెద్ద అంకెగా గరిష్ఠ ధర పెట్టాను. పేపర్లో వచ్చేదీ, ఊళ్లో మాట్లాడుకునేదీ అదే కాబట్టి.

ఆ డ్రాఫ్ట్ ఫోన్‌లో పెట్టుకుని ఖమ్మం దగ్గర మా పెదనాన్న ఇంటికి వెళ్లాను. ఆయన అంతకు వారం ముందే మార్కెట్‌కు 30 బస్తాల తేజ రకం మిర్చి తీసుకెళ్లాడు. నేను చూపించిన స్క్రీన్ చూసి, లోపలికి వెళ్లి, సరుకు అమ్మినప్పుడు మార్కెట్‌లో ఇచ్చిన లెక్క చీటీ, తక్‌పట్టీ తెచ్చి చేతిలో పెట్టాడు. "ఆ రోజు జెండా పాట 20 వేలు బిడ్డా. నాకెంత పడ్డదో చూడు."

జెండా పాట అంటే ఉదయం పాట మొదలయ్యేటప్పుడు బాగున్న ఒక లాట్‌కు పలికే ధర. దాన్ని చూసి యార్డంతా అదే రేటు అనుకుంటే మోసపోతాం. పెదనాన్న 22 బస్తాలకు క్వింటాలుకు 17,600 పడింది. మిగిలిన 8 బస్తాలు తాలు, అంటే రంగు పోయిన నాసిరకం కాయలు. వాటికి 9,500. బస్తా 40 కిలోల లెక్కన మొత్తం 12 క్వింటాళ్లు. జెండా పాట ప్రకారమైతే 2,40,000 రావాలి. పట్టీలో ఉన్నది 1,85,280. ఇంకా ఆటో కిరాయి, హమాలీ, కమీషన్ పోలేదు. నా స్క్రీన్ ఆయనకు దాదాపు 55 వేలు ఎక్కువ చెప్పినట్టే.

తిరిగొచ్చాక పీఆర్‌డీలో మొదటి పేరానే మార్చాను. 'రైతుకు నేటి ధర తెలియాలి' అన్న సమస్య వాక్యం తీసేసి, 'తన సరుకుకు ఎంత పడొచ్చో బండి ఎక్కించకముందే రైతు అంచనా వేసుకోగలగాలి' అని రాశాను. ఆ ఒక్క వాక్యంతో మిగతా పత్రం చాలా మారింది. పెద్ద అంకె మోడల్ ధరది, అంటే ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో అది. తేజ, తాలు ఒకే వరుసలో కలిసిపోకుండా రకం ఎంచుకోవడం తప్పనిసరి. రకం వివరం రాని రోజున 'అన్ని రకాలూ కలిపి' అని ధర పక్కనే రాయాలి.

'మోడల్ ధర' అన్న మాట మాత్రం పనికిరాలేదు. పెదనాన్నకు అది ఫోన్ మోడల్‌లా వినబడింది. 'సగటు' అందామంటే అది సగటు కాదు. చివరికి 'ఎక్కువ సరుకు అమ్ముడైన ధర' అని పెట్టాం. డిజైనర్‌కు అది పొడుగైపోయిందని బాధ. నాకైతే ఆ బాధ లేదు.

పాత ధరల గొడవ దీనికంటే ఎక్కువ టైమ్ తీసుకుంది. డేటా రాని రోజున నిన్నటి అంకెనే చూపిద్దామని టీమ్‌లో ఒకరన్నారు, స్క్రీన్ ఖాళీగా ఉంటే బాగోదని. నేను ఒప్పుకోలేదు. ధర కిందే తేదీ ఉండాలి, పాతదైతే అంకె బూడిద రంగులోకి మారాలి, వారం దాటితే అసలు కనబడకూడదు అని రాశాను. 'మార్కెట్ సెలవు', 'వివరాలు రాలేదు' అనేవి రెండు వేర్వేరు సందేశాలు. మొదటిది చూసిన రైతు బండి మాట్లాడుకోడు. రెండోది చూసినవాడు ఎవరికో ఒకరికి ఫోన్ చేసి కనుక్కుంటాడు.

టెస్టింగ్‌లో ఒకరోజు 18,000 ఉండాల్సిన చోట 180 కనబడింది. ఎవరో కిలో లెక్కన ఎంటర్ చేసినట్టున్నారు. ముందురోజుతో పోలిస్తే 40 శాతం కంటే ఎక్కువ తేడా వస్తే ఆ ధరను ఆపి, మనిషి చూశాకే వదలాలన్న షరతు అలా చేరింది. ఈ 40 మిర్చికి మేం పెట్టుకున్నది. టమాటాకు ఇదే పెడితే నిజంగా ధర ఎగిరిన రోజున కూడా ఆపేస్తుంది కాబట్టి మొదటి విడతలో టమాటా వద్దన్నాను. ధర పెరుగుతుందా తగ్గుతుందా అని చెప్పే జోస్యం కూడా వద్దన్నాను. దాని మీద పైవాళ్లతో రెండు మీటింగులు నడిచాయి.

జెండా పాట జోలికే పోవద్దని రెండో డ్రాఫ్ట్‌లో రాశాను. సవరించిన స్క్రీన్ పెదనాన్నకు పంపితే సాయంత్రం ఫోన్ చేశాడు. "అంతా మంచిగుంది గానీ, జెండా పాట ఏది?" "అది నీకు పడదు కదా పెదనాన్నా." "పడదు. కానీ నా సరుకు దానికి ఎంత కిందకు పోయిందో తెలవాలె కదా. కాయలో తేడానా, పాటలో తేడానా అన్నది దాన్ని బట్టే అడుగుతం."

ఆ వాక్యం కొట్టేశాను. మాకొచ్చే డేటాలో జెండా పాట అని విడిగా ఉండదు కాబట్టి, మోడల్ ధర కింద చిన్న అక్షరాల్లో 'ఈ రోజు అత్యధికం' అని గరిష్ఠ ధర చేర్చాను.