శుభలేఖలో గుడిదీర్ఘాలు: నా అనుభవం

చెల్లెలి పెళ్లికి నాలుగు వందల శుభలేఖలు వేయించాలని నాన్న ఆ పని నాకు అప్పగించారు. ఆయన తెల్లకాగితం మీద రాసి ఇచ్చిన మాటల్ని ఫోనులో టైపు చేసి, తిరుపతి గాంధీ రోడ్డు వెనక సందులో ఉన్న ఒక ప్రెస్సుకు పంపాను. సాయంత్రానికి ప్రూఫు బొమ్మగా వచ్చింది. మూడుసార్లు చదివాను. తేదీ, సమయం, మండపం చిరునామా, పేర్లు అన్నీ సరిగానే ఉన్నాయనిపించింది. ప్రెస్సుకు సరేనని చెప్పబోయే ముందు, ఎందుకైనా మంచిదని చిత్తూరులో ఉన్న మేనత్తకు పంపాను. అత్త ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యింది. పది నిమిషాల్లో ఫోను.

"ఇంకా అచ్చుకు ఇవ్వలేదు కదా, నాయనా?"

"లేదత్తా."

"అయితే కాగితం, పెన్ను తీసుకో."

ఆమె చెప్పగా రాసుకున్నవి ఆరు. వెంకటేశ్వర, పద్మావతి సమేత, జ్యెష్ఠ పుత్రుడు, ముహుర్తం, వధువరులు, ఆశిర్వదించి. ఆరింటిలోనూ అక్షరం సరైనదే, దాని మీద పెట్టిన గుర్తు పొడవే తప్పు. గుడిదీర్ఘం ఉండాల్సిన చోట గుడి, కొమ్ముదీర్ఘం బదులు కొమ్ము, ఏత్వం బదులు ఎత్వం. వీటిలో నాలుగు నా టైపింగులోనే ఉన్నాయి. రెండు ప్రెస్సులో చేరాయి, ఎందుకంటే వాళ్లు నేను పంపిన పాఠాన్ని తీసుకోకుండా తమ ఫాంటులో మళ్లీ కొట్టుకున్నారు.

మూడుసార్లు చదివినా ఒక్కటీ కనిపించకపోవడం నాకు నామోషీగా అనిపించి, ఆ మాటే అత్తతో అన్నాను. తప్పు నీ కంటిది కాదు, చెవిది అంది. పద్యంలో గురువు, లఘువు గుర్తుపెట్టడం నేర్చుకున్నప్పుడు సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం హ్రస్వమైనా గురువే అవుతుందని చదివాం కదా. ముహూర్తంలో 'హూ' తరువాత 'ర్త' ఉంది. దీర్ఘంగా పలికినా, పొట్టిగా పలికినా ఆ చోట బరువు ఒకేలా వినిపిస్తుంది. ఆశీర్వాదంలో 'శీ' తరువాత 'ర్వా', జ్యేష్ఠలో 'జ్యే' తరువాత 'ష్ఠ'. సున్నా ఉన్న అక్షరానిదీ ఇదే కథ. వేంకటేశ్వరలో 'వేం' అలాంటిదే. అందుకే పరీక్షను పరిక్ష అని, నిరీక్షణను నిరిక్షణ అని రాసేవాళ్లకు తాము తప్పు రాసినట్టే తెలియదు. పక్క ఊరి శ్రీకాళహస్తి కవి ధూర్జటిని ధుర్జటి అని రాసినవాళ్లను నేనే చూశాను. మాటను నోటితో పలికి చూసుకోవడం ఇక్కడ పనికిరాదన్నది నాకు అప్పుడే అర్థమైంది.

మరి ఎలా సరిచూసుకోవాలి? అత్త మొదట చెప్పింది ఎత్వం, ఒత్వం సంగతి. సంస్కృతంలో హ్రస్వ ఎకారం, హ్రస్వ ఒకారం లేవు. కాబట్టి సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టుగా వచ్చిన మాటలో 'ె' గాని 'ొ' గాని కనబడితే అది తప్పే. జ్యెష్ఠ, గొత్రం, క్షెత్రం, నెత్రం ఇవన్నీ ఇలా దొరికిపోతాయి. నిఘంటువు కూడా తెరవక్కర్లేదు. వెంకటేశ్వరుడి విషయంలో మాత్రం నేను కాస్త వాదించాను. మా వీధిలో వెంకటయ్యలు, వెంకన్నలు, వెంకటరమణలు ఎంతమంది లేరు? వాళ్లవన్నీ తప్పులేనా? కాదంది అత్త. తెలుగు నోళ్లలో నలిగి 'వెం' అయిన పేర్లవి, వాటిని అలాగే రాయాలి. శుభలేఖ తలమీద స్వామివారి పేరును సంస్కృత సమాసంగా రాస్తున్నప్పుడు మాత్రం వేంకటేశ్వరుడే. ఆ సాయంత్రం యూనివర్సిటీ ముందునుంచి వెళ్తూ బోర్డు చూశాను. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. ఇన్నేళ్లుగా ఆ దారిన తిరుగుతూ ఆ ఏత్వాన్ని ఒక్కనాడూ గమనించలేదు.

మిగిలినవి నిఘంటువులో చూసుకోమని అత్త నాకే వదిలేసింది. ఆంధ్రభారతి సైటులో ఒక్కచోట వెతికితే చాలా నిఘంటువులు ఒకేసారి కనిపిస్తాయి. నేను 'ముహుర్తం' అని కొట్టాను. ఏమీ రాలేదు. సరే, తప్పు అన్నమాట అనుకుని 'ముహూర్తం' కొట్టాను. నేను చూడాలనుకున్న పాత నిఘంటువులో అదీ లేదు! కాసేపు అయోమయంగా ఉండి, అప్పుడు గుర్తొచ్చింది. పాత నిఘంటువులు ఇలాంటి మాటలను సున్నాతో కాకుండా 'ము'తో ముగిస్తాయి. 'ముహూర్తము' అని కొడితే వచ్చింది. 'ముహుర్తము' అని కూడా కొట్టి చూశాను, రాలేదు. రెండు రూపాలనూ ఒకే ముగింపుతో వెతికితేనే దొరకకపోవడానికి అర్థం ఉంటుంది. అదే మామూలు వెతుకుడులో 'ముహుర్తం' అని కొట్టి చూడండి, పుట్టెడు ఫలితాలు వస్తాయి. అవన్నీ నాలాంటివాళ్లు రాసినవి.

అసలు చిక్కు వధూవరుల దగ్గర వచ్చింది. నిఘంటువులో 'వధువు' అని ఉంది, అక్కడ 'ధు'కు కొమ్మే ఉంది. మరి అత్త కొమ్ముదీర్ఘం ఎందుకు అడిగింది? పద్మావతి విషయమూ అలాగే. తిరుచానూరు పద్మావతి అమ్మవారు అని రోజూ రాస్తాం, దాన్ని ఎవరూ తప్పనరు. శుభలేఖలో మాత్రం 'పద్మావతీ సమేత' అని ఉండాలట.

మళ్లీ ఫోను చేశాను. సంస్కృతంలో నదీ, దేవీ, లక్ష్మీ, వధూ అని చివర దీర్ఘం ఉన్న స్త్రీలింగ శబ్దాలు తెలుగులోకి విడిగా వస్తే పొట్టివైపోతాయని అత్త చెప్పింది. నది, దేవి, లక్ష్మి, వధువు అవుతాయి. భాష, సేవ, పూజ కూడా ఇలా ఆకారం పోగొట్టుకున్నవే. అయితే వాటి పక్కన మరో సంస్కృత పదం చేరి సమాసమైతే పాత దీర్ఘం తిరిగి వస్తుంది. నదీతీరం, దేవీ నవరాత్రులు, లక్ష్మీకటాక్షం, భాషాశాస్త్రం, సేవాసంస్థ. పక్కన తెలుగు మాట ఉంటే రాదు. అమ్మవారు తెలుగు మాట గనుక పద్మావతి అమ్మవారు, సమేత సంస్కృతం గనుక పద్మావతీ సమేత. ఒకే పేరు ఒకే ఊళ్లో రెండు పొడవుల్లో ఉండటం వెనక ఇంత లెక్క ఉందని నాకు తెలియదు.

ఈ లెక్క తెలిసిన ఉత్సాహంలో నేను ఒక ఘనకార్యం చేశాను. వరుడి తాతగారు కాలం చేశారు, వారి పేరు ముందు 'కీర్తిశేషులు' అని ఉంది. కీర్తి స్త్రీలింగం, శేషులు సంస్కృతం, మరి దీర్ఘం రావాలి కదా అని 'కీర్తీశేషులు' అని దిద్ది ప్రెస్సుకు పంపాను. రెండో ప్రూఫు చూసిన అత్త ఫోనులో గట్టిగా నవ్వింది.

"కీర్తిమంతుడు అంటావా, కీర్తీమంతుడు అంటావా?"

"కీర్తిమంతుడు అనే అంటాను."

"మరి తాతగారికి ఎందుకు పెంచావు?"

సంస్కృతంలోనే హ్రస్వంతో ముగిసేవి కొన్ని ఉన్నాయి. కీర్తి, శక్తి, భక్తి, భూమి, ప్రీతి. లేని దీర్ఘం సమాసంలో ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే శక్తిపీఠం, భూమిపూజ, ప్రీతిపాత్రుడు. ఏది ఏ రకమో తెలుసుకోవడానికి అత్త శబ్దరత్నాకరము అనే నిఘంటువు చూడమంది. అందులో మాట పక్కన 'సం. వి.' అని, ఆ తరువాత ఒక ఒంటి అక్షరం, లింగం ఉంటాయి. నేను ఇంతకుముందు ఆ గుర్తులను దాటేసి అర్థం మీదికి వెళ్లిపోయేవాణ్ణి. 'సం.' అంటే సంస్కృతం, 'వి.' అంటే విశేష్యం, ఆ ఒంటి అక్షరం సంస్కృతంలో ఆ శబ్దం ఏ అచ్చుతో ముగుస్తుందో చెబుతుంది. 'ఈ. స్త్రీ.' అని ఉంటే నది రకం, సమాసంలో దీర్ఘం. 'ఇ. స్త్రీ.' అని ఉంటే కీర్తి రకం, పెంచకూడదు. 'ఊ. స్త్రీ.' వధువు రకం. 'దే.' అని ఉంటే దేశ్యం, ఈ గొడవే లేదు. మా ఇంట్లో అటకమీద ఉన్న పాత ప్రతి దుమ్ము దులిపి ఆ రాత్రి శుభలేఖలోని ప్రతి మాటనూ అలా చూశాను. పెళ్లి పనులు వదిలేసి పరీక్షకు చదువుతున్నావా అంది అమ్మ.

ఇంకో మెలిక ఉంది. శ్రీకాళహస్తి అన్నప్పుడు 'స్తి' పొట్టి, శ్రీకాళహస్తీశ్వరుడు అన్నప్పుడు పొడవు. హస్తి రకం మారి అలా కాలేదు. హస్తిలోని ఇకారమూ ఈశ్వరలోని ఈకారమూ సంధిలో కలిసి దీర్ఘమయ్యాయి. ఇలాంటి చోట మాటను విడదీసి చూడాలి తప్ప నిఘంటువులో అక్షరం చూస్తే చాలదు. పరీక్ష కూడా అంతే, పరి, ఈక్ష కలిసినది. అలా విడదీసి చూశాక మళ్లీ పరిక్ష అని రాయడం కష్టం.

మూడో ప్రూఫు చదవడానికి ప్రెస్సుకే వెళ్లాను. వాళ్లది పాత పద్ధతి ఫాంటు. అందులో కొట్టినదాన్ని బయటికి కాపీ చేస్తే తెలుగు రాదు, ఆంగ్ల అక్షరాలూ పిచ్చి గుర్తులూ వస్తాయి. కాబట్టి ఆ పాఠాన్ని ఏ నిఘంటువులోనూ అతికించి వెతకలేం, కాగితం మీద కంటితో చూడాల్సిందే. పైగా అలంకారపు అక్షరాల్లో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తోకంత, అదీ చిన్న సైజులో మెలికల్లో కలిసిపోతుంది. అందుకని ఆపరేటరును బతిమాలి అదే పేజీని మామూలు అక్షరాల్లో, రెట్టింపు సైజులో ఒక కాగితం మీద తీయించుకున్నాను. చివరి మాట నుంచి మొదటికి ఒక్కొక్కటిగా చదివాను. ముందు నుంచి చదివితే అర్థం మనల్ని లాక్కుపోతుంది, గుర్తులు చూడనివ్వదు. వెనక నుంచి వస్తే 'వధూవరులను' అన్నది ఒంటరి మాటగా ఎదురుపడుతుంది. అలా చదివినప్పుడే కొత్తది ఒకటి దొరికింది. 'శుభదినమున' అన్నది రెండో ప్రూఫు దిద్దేటప్పుడు 'శుభదీనమున' అయిపోయింది. దీనం కూడా అసలైన మాటే కదా, ఏ నిఘంటువుకు చూపించినా ఒప్పుకుంటుంది. దాన్ని పట్టుకోవడానికి వాక్యం అర్థం తెలిసిన మనిషే కావాలి.

అత్త పెళ్లికి రెండు రోజుల ముందే వచ్చింది. రాగానే అచ్చయిన శుభలేఖ అడిగి, కళ్లజోడు పెట్టుకుని, పెన్ను మూత తీసింది. వేంకటేశ్వర, పద్మావతీ సమేత, జ్యేష్ఠ, ముహూర్తం అన్నీ దాటింది. వరుడి తల్లిగారి పేరు దగ్గర పెన్ను ఆగింది. 'శ్రీమతి లక్ష్మిదేవి' అని ఉంది.

"ఇది?"

"వాళ్ల ఆధార్ కార్డులో అలాగే ఉందత్తా. ఆమె సంతకమూ అలాగే చేస్తారు. అడిగే వేయించాను."

అత్త ఆ పేరును ఇంకోసారి చూసి, పెన్నుకు మూత పెట్టేసింది.