18 వేల ఫాలోవర్లు ఉన్నా చీర ధర అడిగేవాళ్ళు లేరు: నా అనుభవం

మా వదిన మంగళగిరిలో చేనేత చీరలు అమ్ముతుంది. ఆమె ఇన్‌స్టాగ్రామ్ పేజీ నా చేతికి వచ్చేసరికి 18 వేల పైచిలుకు ఫాలోవర్లు ఉన్నారు. వాళ్ళలో దాదాపు 11 వేలమందిని అంతకుముందు పేజీ నడిపినవాళ్ళు డబ్బిచ్చి కొన్నారు. అది చాలదన్నట్టు ఒక టెలిగ్రామ్ గ్రూపులోనూ చేర్చారు. అక్కడ లింకు పడగానే ఒకరి పోస్టుకు ఒకరు లైకు కొట్టి, కామెంటు పెట్టాలి. "ఇంతమంది ఉన్నారు, చీర కావాలని ఒక్క మెసేజీ రాదేంటి?" అని వదిన టెన్షన్.

ముందు కామెంట్లు చదివాను. నిజాం బార్డర్ చీర కింద "సూపర్ బ్రో", "కంటెంట్ అదిరింది" అని ఉంది. ప్రతి పోస్టు కిందా అవే పది పన్నెండు పేర్లు. చీర కొనే మనిషి అలా రాయదు. "రేటెంత?", "ఇందులో ఆకుపచ్చ ఉందా?", "బ్లౌజ్ పీస్ వస్తుందా?" అని అడుగుతుంది. హైదరాబాద్‌లో బొటిక్ నడిపే ఒకావిడ టోకున తీసుకుందామనుకుని, పేజీ చూసి, "18 వేలమందికి 40 లైకులేంటండీ?" అని అడిగింది. మళ్ళీ మెసేజీ పెట్టలేదు. కొనేవాళ్ళు ఈ లెక్క ఇట్టే వేస్తారు.

రీచ్ పడిపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది. కొత్త పోస్టును ఇన్‌స్టాగ్రామ్ ముందు కొంతమందికి చూపించి, వాళ్ళు ఆగి చూశారా, ఎవరికైనా పంపారా అని గమనిస్తుంది. చూసే సమయం, లైకులు, ఇతరులకు పంపడం ముఖ్యమని, కొత్తవాళ్ళకు చేరాలంటే పంపడం ఇంకా ముఖ్యమని ఆ సంస్థ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పారు. కొన్న ఖాతాలు ఏదీ చూడవు. అసలు కస్టమర్లకు వెళ్ళాల్సిన చోటును అవి ఆక్రమిస్తాయి. గ్రూపువాళ్ళు చేసేది ఇంకా నష్టం. రీల్‌ను రెండు సెకన్లు చూసి లైకు కొట్టి పోతారు. దాంతో ఈ పేజీని మెచ్చేది రీల్స్ చేసే కుర్రాళ్ళని సిస్టమ్‌కు అర్థమవుతుంది, అలాంటివాళ్ళకే చూపిస్తుంది. ఇన్‌సైట్స్‌లో Top locations తెరిస్తే విజయవాడ, గుంటూరుకు బదులు మేం పేరు కూడా వినని విదేశీ నగరాలు కనిపించాయి.

ముందు గ్రూపు నుంచి బయటికొచ్చాం. పాస్‌వర్డ్ మార్చి, సెట్టింగ్స్‌లో Apps and websites కింద ఉన్న బయటి యాప్‌లన్నీ తీసేశాం. Account Status చూస్తే ఆంక్షలేమీ లేవు. అంటే సమస్య శిక్ష కాదు, ఫాలోవర్లే.

తర్వాత దొంగ ఖాతాలను ఏరడం. ఫాలోవర్ల జాబితాలో పేరు పక్కన Remove నొక్కితే చాలు, అవతలివాళ్ళకు నోటిఫికేషన్ వెళ్ళదు. కానీ ఒకేసారి వందలు తీసేస్తే ఇన్‌స్టాగ్రామ్ కాసేపు ఆపేస్తుంది, అందుకే రోజూ కొంచెం కొంచెంగా తీశాం. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. ఫొటో లేదు, ఒక్క పోస్టూ లేదు అని తీసేస్తే మా అసలు కస్టమర్లే పోతారు. చీరలు కొనే పెద్దవాళ్ళలో చాలామందికి ప్రైవేట్ ఖాతా, డీపీలో పువ్వో దేవుడి బొమ్మో, పోస్టులు సున్నా. అందుకని వాళ్ళు ఎంతమందిని ఫాలో అవుతున్నారో చూశాం. వేలల్లో ఉండి, పేరు అర్థంలేని అక్షరాలు అంకెలైతే తీసేశాం. అనుమానం వస్తే ఇన్‌బాక్స్‌లో పేరు వెతికాం. ఒకప్పుడు ధర అడిగిన మనిషైతే ఉంచేశాం.

సంఖ్య 7 వేలకు దిగుతుంటే వదినకు మనసొప్పలేదు. "జనం ఏమనుకుంటారు?" అంది. "వదినా, బొటిక్ ఆవిడ అనుకున్నది గుర్తుందిగా" అన్నాను. మొదట్లో లైకులు ఇంకా తగ్గాయి, గ్రూపు లైకులు పోయాయి కాబట్టి. ఆ దశలో భయపడి మళ్ళీ గ్రూపులో చేరితే చేసిందంతా వృథా.

కొత్త రీల్స్‌ను Trial reels గా పెట్టాం. అవి ముందు ఫాలోవర్లు కానివాళ్ళకే వెళ్తాయి కాబట్టి, మిగిలిన దొంగ ఖాతాలు అడ్డు రావు. వాటిలో బాగా నడిచింది గుంట మగ్గం మీద బార్డర్ నేసే రీల్. చీర వెనక వైపు తిప్పి చూపించి, ధర క్యాప్షన్‌లోనే రాశాం. ధర రాయడం వల్ల మెసేజీలు తగ్గుతాయనుకున్నాం, కానీ అక్కచెల్లెళ్ళకు పంపుకోవడం పెరిగింది. లైకులు పక్కన పెట్టి, ఎంతమంది పంపారు, ఎంతమంది సేవ్ చేశారు, ఎంతమంది మెసేజీ పెట్టారు అన్నవే చూశాం. నెలలు పట్టింది కానీ Top locations లో విజయవాడ, హైదరాబాద్ పైకొచ్చాయి.

ఇదంతా చేయగలిగింది పేజీలో పాత కస్టమర్లు, వాళ్ళతో మాటలు ఉన్నాయి కాబట్టి. ఈమధ్య ఒక నగల దుకాణం పేజీ చూశాను. అందులో నిజమైనవాళ్ళు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. దాన్ని ఏరుతూ కూర్చోవద్దని, కొత్త ఖాతా తెరిచి వాట్సాప్‌లో ఉన్న కస్టమర్లకు ఆ లింకు పంపమని చెప్పాను.