‘ఎక్కడ చూపిస్తాం?’: ఒక కోర్సు పేజీని దిద్దిన అనుభవం

అమీర్‌పేటలో ఒక చిన్న కోచింగ్ సెంటర్‌కు నేను కంటెంట్ రాసిపెడుతుంటాను. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ కలిపి తెలుగులో చెప్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి వాళ్లకుంది. రెండో బ్యాచ్ మొదలైన వారానికే డబ్బు వెనక్కి ఇవ్వమంటూ మెయిల్స్ మొదలయ్యాయి. పాఠాలు బాగాలేవని ఒక్కరూ రాయలేదు. ఒకాయన దగ్గర మ్యాక్‌బుక్ ఉంది, అందులో సాఫ్ట్‌వేర్ ఎక్కలేదు. ఒకమ్మాయి, ‘ఏ అనుభవమూ అక్కర్లేదన్నారు, మొదటి క్లాసులోనే VLOOKUP వచ్చినట్టు మాట్లాడుతున్నారు’ అని రాసింది. ఆ ‘అక్కర్లేదు’ అన్న ముక్క రాసింది నేనే. అదీ ఇంకో కోర్సు పేజీ చూసి.

పేజీని ప్రింట్ తీసి పెన్సిల్ పట్టుకున్నాను. ప్రతి వాక్యం పక్కనా ఒకే ప్రశ్న రాసుకున్నాను: ‘ఎక్కడ చూపిస్తాం?’ ఏ వీడియోలో, ఏ అసైన్‌మెంట్‌లో, ఏ కాగితంలో? జవాబు లేని వాక్యం ఉండకూడదు. మొదటి పేజీ అయ్యేసరికే సగానికి పైగా ఖాళీలు మిగిలాయి.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది మాస్టారి పరిచయం. ‘15 ఏళ్ల అనుభవం ఉన్న మైక్రోసాఫ్ట్ సర్టిఫైడ్ ట్రైనర్’ అని ఉంది. సార్‌ను అడిగాను, ‘ఈ 15 ఏళ్లు ఎలా లెక్కపెట్టాం సార్?’

‘2009లో ఉద్యోగంలో చేరాను కదమ్మా.’

అందులో తొమ్మిదేళ్లు కస్టమర్ సపోర్ట్. డేటా పనిలోకి వచ్చింది 2018లో. ఇక ‘మైక్రోసాఫ్ట్ సర్టిఫైడ్ ట్రైనర్’ అన్నది ఊరికే కలిపి రాసుకునే మాట కాదు. అదొక ప్రత్యేకమైన హోదా, దానికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి, ఏటా రెన్యువల్ ఉంటుంది. సార్‌కు ఉన్నది పవర్ బీఐ పరీక్ష PL-300 పాసైన సర్టిఫికెట్. ఆయన సర్టిఫైడే, ట్రైనరూ నిజమే, ఆ రెండూ పక్కపక్కన పెట్టగానే లేని హోదా పుట్టుకొచ్చింది. ఆ సర్టిఫికెట్‌కు కూడా ఏడాదే గడువు. గడువు దాటకముందు ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు, దాటితే పరీక్ష మళ్లీ రాయాల్సిందే. సార్ మర్చిపోయారు, దాటిపోయింది.

నేను ఇలా రాసి పంపాను: ‘2018 నుంచి ఆరేళ్లు ఒక బీమా కంపెనీలో క్లెయిమ్స్ డేటా మీద ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ రిపోర్టులు తయారుచేశారు. అంతకుముందు తొమ్మిదేళ్లు కస్టమర్ సపోర్ట్‌లో ఉన్నారు. 2020 నుంచి సాయంత్రం బ్యాచ్‌లకు పాఠాలు చెబుతున్నారు.’ సర్టిఫికెట్ ఊసు తీసేశాను.

సార్‌కు కోపం వచ్చింది. ‘సపోర్ట్ సంగతి ఎందుకమ్మా, పరువు పోతుంది’ అన్నారు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు నేనే వెళ్లి, మన బ్యాచ్‌లో సపోర్ట్ ఉద్యోగాల నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో అటెండెన్స్ షీట్ తెరిచి చూపించాను. ఇంకేమీ అనలేదు, ‘సరే ఉంచు’ అన్నారు.

తర్వాత ‘ఈ కోర్సులో ఏం నేర్చుకుంటారు’ అన్న భాగం. ‘ఎస్‌క్యూఎల్ మీద పూర్తి పట్టు’ అని మొదటి లైన్. పట్టు అంటే ఏమిటో ఎవరూ పరీక్ష పెట్టి చూడలేరు. వీడియోల పేర్లు చూసి రాస్తే మళ్లీ అదే తప్పు చేస్తాను. అందుకే వెనక నుంచి వచ్చాను. చివరి అసైన్‌మెంట్ తెరిచాను, విద్యార్థి ఒంటరిగా చేయాల్సిన పని అదే కాబట్టి. అందులో ఒక కిరాణా దుకాణం డేటా ఉంది. జులై నుంచి ఏమీ కొనని ఖాతాదారుల పేర్లు తీయాలి. జవాబు ఇది:

```sql
SELECT c.name
FROM customers c
LEFT JOIN orders o
  ON o.customer_id = c.id
 AND o.order_date >= '2024-07-01'
WHERE o.id IS NULL;
```

ఈ లెక్కన ‘రెండు టేబుళ్లను కలిపి, ఒకదానిలో ఉండి ఇంకోదానిలో లేని వరుసలు తీయగలరు’ అని రాయబోయాను. రాసేముందు మొదటి బ్యాచ్ పంపిన జవాబులు చూద్దామనిపించింది. చాలామంది తేదీ షరతును కింద WHERE లో పెట్టేశారు. అలా పెడితే క్వెరీ ఎర్రర్ ఇవ్వదు, ఒక్క పేరూ రాదు. ఆర్డర్ లేని చోట తేదీ కూడా ఖాళీయే కదా, ఖాళీని తేదీతో పోల్చగానే ఆ వరుస జారిపోతుంది. ‘ఏమీ కొననివారు ఎవరూ లేరు’ అని ధీమాగా రాసి పంపినవాళ్లూ ఉన్నారు. వీడియోలో ఈ సంగతి ఎక్కడా లేదు.

ఆ లైన్ రాయలేనని చెప్పాను. సార్ ఆ ఆదివారం కూర్చుని ఇరవై నిమిషాల పాఠం, రెండు అభ్యాసాలు కొత్తగా చేర్చారు. అప్పుడు రాశాను. పేజీ దిద్దుదామని కూర్చుంటే కోర్సే మారింది.

ఎస్‌క్యూఎల్‌లోనే ఇంకో అంశమైన విండో ఫంక్షన్లకు ఇలాంటి అదృష్టం పట్టలేదు. పదకొండు నిమిషాల వీడియో, అభ్యాసం లేదు. ‘పరిచయం మాత్రమే’ అని రాసి కిందికి దించాం. ఆ కిందే ‘ఈ కోర్సులో ఉండనివి’ అని ఒక చిన్న పేరా పెట్టాను: పైథాన్ లేదు, ఉద్యోగం ఇప్పిస్తామన్న హామీ లేదు. ‘100% ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అన్నదాన్ని తవ్వితే తేలింది ఒక వాట్సాప్ గ్రూపు, ఒక రెజ్యూమే క్లాసు. అవే రాశాను. ఓనర్ గారు ఒప్పుకోలేదు. కోచింగ్ సంస్థల తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చిందని, ఉద్యోగం గ్యారంటీ అనడం, బోధకుల అర్హతలు తప్పుగా చెప్పడం అందులో ఉన్నాయని చూపించాక ఆ అంకె పోయింది.

ముందుగా ఏం కావాలి అన్న భాగం రాయడం తేలికే, తెలుసుకోవడమే ఆలస్యం. పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది. ఇంకొకటి మాలో ఎవరికీ తట్టలేదు: తయారుచేసిన రిపోర్టును ఆన్‌లైన్‌లో పెట్టాలంటే ఆఫీసు లేదా కాలేజీ మెయిల్ ఉండాలి, మామూలు జీమెయిల్‌తో సైనప్ కాదు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఆఫీసు మెయిల్ ఎక్కడిది? అందుకని ‘అది లేకపోతే రిపోర్టు మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఏడో వారం పాఠం చూడొచ్చు గానీ చేయలేరు’ అని ఉన్నదున్నట్టు రాశాం.

‘బేసిక్ ఎక్సెల్ వచ్చి ఉండాలి’ అన్నా చాలదు. ఎవరిని అడిగినా ‘బేసిక్ వచ్చు’ అనే అంటారు. దాని బదులు నలభై వరుసల షీట్ ఒకటి పెట్టాం. జిల్లావారీగా మొత్తాలు SUMIF తో తీయండి, ఇంకో షీట్ నుంచి ధరలు VLOOKUP తో తెచ్చుకోండి, అరగంటలో అయితే చేరండి. కాకపోతే ముందు చూడాల్సిన మా ఉచిత వీడియోల లింకు పక్కనే ఉంది.

పేజీ మారిన నెలలో చేరినవాళ్లు తగ్గారు. ఓనర్ గారు రోజూ ఆ లెక్క నాకు ఫార్వర్డ్ చేసేవారు, పైన ఒక్క మాటా రాయకుండా. ‘మ్యాక్’ అన్న కారణంతో మాత్రం ఒక్క రీఫండ్ మెయిలూ రాలేదు. ఒకాయన ఫోన్ చేసి, ‘మా అబ్బాయిది మ్యాకేనండీ, మరి ఎస్‌క్యూఎల్ వరకు నేర్చుకోవచ్చా?’ అని అడిగారు. ఆ ఒక్క భాగం విడిగా అమ్మే ఏర్పాటు మాకు లేదు, ఇప్పటికీ లేదు.

మొన్న సార్ మెసేజ్ పెట్టారు. PL-300 మళ్లీ రాస్తున్నారట, వచ్చే నెల పరీక్ష. ‘పాసైతే పేజీలో పెడతావు కదా?’ అని అడిగారు. ‘పెడతాను సార్, గడువు తేదీతో సహా’ అన్నాను.